మిక్సీ మోటార్ గుయ్యిమంటోంది, బ్లేడ్ తిరగట్లేదా? కొత్తది ఆర్డర్ పెట్టే ముందు కప్లర్ ఒకసారి చూడండి

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ కాదు, ఇయర్‌బడ్స్ కాదు. మన అమ్మల చేతిలో రోజూ తిరిగే గ్యాడ్జెట్ గురించి. మిక్సీ!

మాది అశ్వారావుపేట. పామాయిల్ తోటలు దాటి ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్రా బోర్డర్. ఆన్‌లైన్ ఆర్డర్లు బాగానే వస్తాయి గానీ, ఏదైనా పాడైతే మాత్రం కష్టం. మా మిక్సీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఖమ్మంలో ఉంది, వంద కిలోమీటర్లకు పైనే. అందుకే ఇక్కడ మిక్సీ ఆగిందంటే లోకల్ షాపు, లేదా కొత్త మిక్సీ. రెండిట్లో ఒకటి.

మొన్న పొద్దున అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "ఒరేయ్, మిక్సీ మోగుతోంది గానీ పచ్చడి నలగట్లేదురా, ఏందో చూడు." వెళ్లి చూస్తే నిజమే. స్విచ్ తిప్పితే మోటార్ గుయ్యిమని పాడుతోంది. జార్‌లో పల్లీలు, పచ్చిమిరపకాయలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. షాపుకి తీసుకెళ్తే ఆయన ఒకసారి ఆన్ చేసి, "మోటార్ పోయింది తమ్ముడూ, వైండింగ్ కట్టాలి, తొమ్మిది వందలవుద్ది" అన్నాడు. అంత పెట్టేబదులు ఇంకొంచెం వేసి కొత్తదే కొనేద్దామని ఫోన్‌లో కార్ట్‌లో కూడా పెట్టేశా.

ఆర్డర్ నొక్కే ముందు ఒక డౌట్ వచ్చింది. వైండింగ్ కాలిపోయిన మోటార్ అంత హుషారుగా ఎలా పాడుతుంది? ఆ డౌటే ఈ ఆర్టికల్. మా మిక్సీలో పోయింది 60 రూపాయల ప్లాస్టిక్ ముక్క. కానీ ఆ ముక్క మార్చాక కూడా నేనొక తప్పు చేశా. అది కూడా చెప్తా, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది.

కప్లర్ అంటే ఏంటి?

జార్ తీసేసి మిక్సీ పైన చూడండి. మధ్యలో పళ్లున్న నల్లటి చక్రం కనిపిస్తుంది. అది మోటార్ కప్లర్. షాపుల్లో కప్లింగ్ అంటారు, కొందరు మిక్సీ రబ్బరు అని కూడా అడుగుతారు. ఇప్పుడు జార్‌ని తిరగేయండి. అడుగున దానికి జోడీగా ఇంకో చక్రం ఉంటుంది. అది జార్ కప్లర్. జార్ పెట్టినప్పుడు ఈ రెండిటి పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగుతాయి. మోటార్ కింది నుంచి తిప్పితే, ఆ తిప్పుడు ఈ పళ్ల ద్వారానే బ్లేడ్‌కి చేరుతుంది. మోటార్‌కీ బ్లేడ్‌కీ మధ్య ఇంకే లింకూ లేదు.

ఈ చక్రాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. జార్ పెట్టినప్పుడు కాస్త అటూఇటూ ఉన్నా సర్దుకుంటుంది, అదురు తగ్గుతుంది. జార్‌లో ఏదైనా ఇరుక్కుంటే ముందు ఇది అరుగుతుంది, దాంతో షాఫ్టూ మోటారూ బతుకుతాయి. ఇంట్లో ఫ్యూజ్ ఎలాగో, మిక్సీకి కప్లర్ అలాగ. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

రెండు రకాల గుయ్యి

"మోటార్ మోగుతోంది, బ్లేడ్ తిరగట్లేదు" అనే ఒకే కంప్లైంట్ వెనక రెండు వేరే జబ్బులుంటాయి. మొదట తేల్చుకోవాల్సింది ఇదే.

మొదటిది, సన్నగా హై పిచ్‌లో వచ్చే "గుయ్యి". ఖాళీ జార్‌తో మిక్సీ వేసినప్పుడు వచ్చే శబ్దంలాంటిదే. దాంతోపాటు టకటకమనో, గరగరమనో శబ్దం రావచ్చు. అంటే మోటార్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది, కానీ ఆ తిప్పుడు బ్లేడ్ దాకా వెళ్లట్లేదు. పళ్ల మీద పళ్లు జారిపోతున్నాయి. అనుమానం కప్లర్ మీదకే.

రెండోది, బరువుగా వచ్చే "మ్మ్మ్". ఎవరో నోరు మూసుకుని మూలిగినట్టుంటుంది. ఇందులో మోటార్ షాఫ్టే తిరగట్లేదు. జార్‌లో బ్లేడ్ బిగుసుకుపోయి ఉండొచ్చు, మోటార్ బేరింగ్ పట్టేసి ఉండొచ్చు, లోపల వైండింగ్‌లో లోపం ఉండొచ్చు. ఈ శబ్దం వింటే వెంటనే ఆపేయండి. మోటార్ తిరుగుతున్నంతసేపూ లోపల ఒక ఎదురు వోల్టేజ్ పుట్టి, కరెంట్‌ని అదుపులో ఉంచుతుంది. షాఫ్ట్ ఆగిపోతే ఆ ఎదురు వోల్టేజ్ ఉండదు. కరెంట్ ఒక్కసారిగా పెరుగుతుంది, పైగా చల్లబరిచే ఫ్యాన్ కూడా ఆ షాఫ్ట్ మీదే ఉంటుంది కాబట్టి అదీ తిరగదు. మిక్సీ అడుగునున్న ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ బయటికొచ్చి కాపాడొచ్చు, కానీ దాన్నే నమ్ముకుని మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు.

మాది మొదటి రకం. నా దగ్గర పవర్ వాడకం చూపించే స్మార్ట్ ప్లగ్ ఉంది, దానికి పెట్టి చూశా. జార్ నిండా సరుకుంది, స్విచ్ ఫుల్‌లో ఉంది, అయినా రీడింగ్ మిక్సీ మీద రాసిన వాట్స్‌లో సగం కూడా దాటలేదు. అంటే మోటార్ మీద బరువే పడట్లేదు. వైండింగ్ కాలిపోయిందన్న మాటకి ఇది సరిపోదు. స్మార్ట్ ప్లగ్ లేకపోయినా పర్లేదు, చెవులు చాలు.

ఐదు నిమిషాల టెస్ట్

1. జార్ లేకుండా. జార్ తీసి, మోటార్ కప్లర్ మీద వైట్‌నర్‌తో ఒక చుక్క పెట్టండి. చేతులు దూరంగా ఉంచి, అర సెకను పల్స్ ఇచ్చి వదిలేయండి. కప్లర్ గిర్రున తిరిగి, ఆగిపోయే ముందు మెల్లగా తిరగడం కనిపిస్తే మోటార్ బతికే ఉంది. అది ఏ వైపు తిరుగుతోందో కూడా ఇప్పుడే చూసి గుర్తుంచుకోండి. కొన్ని మోడళ్లలో భద్రత కోసం జార్ లేకపోతే మోటార్ ఆన్ కాదు. అది ఫాల్ట్ కాదు, ఈ టెస్ట్ వదిలేసి ముందుకెళ్లండి.

ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే అన్నీ తెలిసిపోతాయి కదా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. ఈ మోటార్లు బరువు లేనప్పుడు 18,000 ఆర్‌పీఎం ప్రాంతంలో తిరుగుతాయి, అంటే సెకనుకి 300 చుట్లు. మన ఫోన్ స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేములు. ఒక చుట్టుకి ఒక ఫ్రేము కూడా రాదు కాబట్టి చుక్క ఆగినట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో కనిపించి మోసం చేస్తుంది. ఆఫ్ చేశాక స్పీడ్ తగ్గేటప్పుడు తీసిన వీడియోనే నమ్మండి.

2. ప్లగ్ తీసి, చెక్క గరిటెతో. ఇక్కడి నుంచి ప్లగ్ గోడ నుంచి తీసేసి ఉండాలి. స్విచ్ ఆపితే చాలదు. ఖాళీ జార్‌ని మిక్సీ మీద సరిగ్గా బిగించి, చెక్క గరిటె కాడతో బ్లేడ్‌ని మెల్లగా నెట్టండి. కప్లర్ బాగుంటే బ్లేడ్‌తోపాటు మోటార్ కూడా తిరగాలి, కాబట్టి చేతికి కాస్త బరువు తెలుస్తుంది. లోపల కార్బన్ బ్రష్‌ల రాపిడి సన్నగా వినిపిస్తుంది కూడా. బ్లేడ్ కొంచెం తిరిగి కటుక్కున జారి, మళ్లీ తిరిగి మళ్లీ జారితే పళ్లు పట్టట్లేదన్నమాట.

3. ఇంకో జార్‌తో. ఇదే పని ఇంకో జార్ పెట్టి చేయండి. ఒక్క జార్‌తోనే జారుతుంటే అరిగింది ఆ జార్ కప్లర్. అన్ని జార్‌లతోనూ జారుతుంటే అరిగింది మోటార్ కప్లర్.

మా ఇంట్లో మూడు జార్‌లూ జారాయి. కాబట్టి మోటార్ కప్లరే.

అరుగుదల ఏం చెప్తుంది?

ఇప్పుడు ఫోన్ కెమెరాకి నిజంగా పని. ఫ్లాష్‌లైట్ పక్క నుంచి వేసి, మాక్రో మోడ్‌లో పళ్లని దగ్గరగా ఫొటో తీసి జూమ్ చేయండి. ఎలా అరిగిందో చూస్తే ఎందుకు అరిగిందో కూడా సగం తెలుస్తుంది.

పళ్ల అంచులు ఒకే వైపు గుండ్రంగా అయిపోతే, ఆ కప్లర్ చాలాకాలంగా మించిన బరువుని తోస్తోంది. పళ్ల కొనలు మాత్రమే నలిగి, కింది భాగం కొత్తదానిలా ఉంటే జార్ పూర్తిగా కిందకి దిగట్లేదు. లాక్ సరిగ్గా పడకపోవడం, వేరే మోడల్ జార్ వాడటం దీనికి కారణాలు. పళ్లు కరిగి నున్నగా మెరుస్తుంటే, జారుతున్నా పట్టించుకోకుండా చాలాసేపు నడిపారని అర్థం. కాలిన రబ్బరు వాసన వచ్చేది దీని నుంచే. ఆ వాసన చూసే చాలామంది మోటార్ కాలిందని అనుకుంటారు.

ఇంకో దొంగ కేసుంది. పళ్లు చక్కగా ఉంటాయి, అయినా బ్లేడ్ తిరగదు. కప్లర్ మధ్యలో మరలున్న లోహపు ముక్క ఉంటుంది, దాని చుట్టూ ప్లాస్టిక్ పోస్తారు. ఆ పట్టు ఊడిపోతే లోహం లోపల తిరుగుతుంది, ప్లాస్టిక్ బయట ఆగిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే మార్కర్‌తో లోహం మీద నుంచి ప్లాస్టిక్ మీదికి ఒకే గీత గీయండి. జార్ పెట్టి రెండు సెకన్లు నడిపి, ప్లగ్ తీసి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే దొంగ దొరికినట్టే.

మా కప్లర్‌లో పళ్లన్నీ ఒకే వైపు గుండ్రంగా అరిగాయి. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు.

మార్చడం ఎలా?

పాత కప్లర్ ఫొటో తీసుకుని షాపుకెళ్తే సరిపోదు. పళ్ల సంఖ్య ఒకటే ఉన్నా ఎత్తు, మధ్యలోని మర వేరే ఉండొచ్చు. ముక్కే చేతిలో పట్టుకెళ్లండి, మోడల్ పేరు చెప్పండి. కొత్తది కొనే ముందు జార్ కప్లర్‌లో పెట్టి చూడండి. లూజ్‌గా ఊగకూడదు, బిగుసుకోకూడదు.

విప్పేటప్పుడు అందరూ ఇరుక్కునేది ఒక్కచోటే, ఏ వైపు తిప్పాలన్న దగ్గర. మామూలు బోల్ట్ అనుకుని ఎడమకి తిప్పుతూ పోతే కొన్ని మిక్సీల్లో ఇంకా బిగుసుకుంటుంది. దీనికి సింపుల్ రూల్ ఒకటుంది. షాఫ్ట్‌ని కదలకుండా పట్టుకుని, మోటార్ మామూలుగా ఏ వైపు తిరుగుతుందో కప్లర్‌ని ఆ వైపే తిప్పితే ఊడుతుంది. ఎందుకంటే నడుస్తున్నప్పుడు జార్‌లోని బరువు కప్లర్‌ని ఎదురు వైపుకి లాగుతుంది. అటు తిప్పితే ఊడేలా మర పెడితే పచ్చడి మధ్యలోనే కప్లర్ ఊడిపోతుంది. అందుకే అటు బిగిసేలా పెడతారు. మొదటి టెస్ట్‌లో తిరిగే వైపు గుర్తుంచుకోమన్నది ఇందుకే.

షాఫ్ట్‌ని పట్టుకోవడానికి మిక్సీని తలకిందులు చేసి, అడుగు స్క్రూలు విప్పి, ప్లేట్ తీయాలి. షాఫ్ట్ కింది కొన కనిపిస్తుంది. కొన్నిట్లో స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది, లేకపోతే గుడ్డ చుట్టి ప్లయర్‌తో పట్టుకోవాలి. ప్లాస్టిక్ ఫ్యాన్‌ని మాత్రం పట్టుకోవద్దు, రెక్క విరిగిందంటే అదో కొత్త ఖర్చు. ఇంకో చేత్తో కప్లర్‌ని ప్లయర్‌తో తిప్పండి. మీ మోడల్‌లో కప్లర్ నడినెత్తిన స్క్రూ కనిపిస్తే ముందు అది తీయాలి.

కప్లర్ కింద వాషర్లుంటే అవి ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసుకోండి. ఒక్క వాషర్ మర్చిపోయినా కప్లర్ కిందకి దిగిపోతుంది, అప్పుడు పళ్లు కొనలతోనే పట్టుకుంటాయి. కొత్తదాన్ని చేత్తో చివరిదాకా బిగిస్తే చాలు, నడిచేటప్పుడు మిగతాది అదే బిగుసుకుంటుంది. నాకు మొత్తం అరగంట పట్టింది. మిక్సీ కొత్తదానిలా తిరిగింది. కార్ట్ ఖాళీ చేశా. షాపాయన తొమ్మిది వందల లెక్క ఇంట్లో రెండు రోజులు జోకులా నడిచింది.

మూడు వారాల తర్వాత మళ్లీ అదే గుయ్యి

అవును, మళ్లీ పోయింది. జోక్ నా మీదికి తిరిగింది. "అరవై రూపాయలది అరవై రూపాయల్లానే ఉంటదిరా" అంది అమ్మ. నేనూ డూప్లికేట్ ముక్క అంటగట్టారనే అనుకున్నా. కప్లర్ విప్పి చూస్తే మళ్లీ అదే తీరు, పళ్లన్నీ ఒకే వైపు గుండ్రంగా. పాత కప్లర్ పక్కన పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. రెండు వేరే ముక్కలు ఒకేలా అరిగాయంటే తప్పు ముక్కలో లేదు, దాన్ని అరగదీసేది ఇంకోటి ఉంది.

అప్పుడు చేశా మొదటి రోజే చేయాల్సిన పని. మూడు జార్‌లనీ తిరగేసి, అడుగు కప్లర్‌ని వేలితో తిప్పా. పెద్ద జార్, మధ్య జార్ సాఫీగా తిరిగాయి. రోజూ వాడే చిన్న చట్నీ జార్ మాత్రం కదల్లేదు. గట్టిగా తిప్పితే కిర్రుమంటూ పావు చుట్టు తిరిగి ఆగింది.

బ్లేడ్ షాఫ్ట్ జార్ అడుగున ఒక బుష్‌లో తిరుగుతుంది. పైన ఒక సీల్ ఉంటుంది. మా ఇంట్లో గోంగూర పచ్చడి ఆ చిన్న జార్‌లోనే. నూరాక అడుగున మిగిలినదాన్ని నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టేవాళ్లం. సీల్ అరిగింది కాబట్టి ఆ పులుపు, ఉప్పు నీళ్లు బుష్‌లోకి దిగి తుప్పు పట్టించాయి, దిగిన పచ్చడి ఎండి జిగురులా పట్టేసింది. బలమైన మోటార్ దాన్ని ఎలాగోలా తిప్పేస్తుంది కాబట్టి మనకి తెలియదు. కానీ ఆ బిగుతంతా రోజూ భరించింది మధ్యలోని కప్లర్. ఫ్యూజ్ పోలిక గుర్తుందా? ఫ్యూజ్ ఊరికే పోదు. నేను షార్ట్ వెతక్కుండా ఫ్యూజ్ తీగ మార్చి కూర్చున్నా.

జార్ మార్చి చూసే టెస్ట్ ఏ ముక్క పోయిందో చెప్తుంది. దాన్ని ఏది పోగొట్టిందో చెప్పదు. ఈ రెండు ప్రశ్నలూ వేరని నాకు రెండో కప్లర్ కొన్నాక తెలిసింది.

బుష్ కాస్త బిగుతుగా ఉంటే జార్ అడుగు మునిగేలా వేడి నీళ్లు పోసి అరగంట ఉంచి, మెల్లగా తిప్పుతూ కడిగి, ఆరాక షాఫ్ట్ దగ్గర రెండు చుక్కల వంటనూనె వేయండి. జార్‌లోకి తిండే వెళ్తుంది కాబట్టి మెషిన్ ఆయిల్ వద్దు. మాది ఆ దశ దాటింది, కడిగిన రెండో రోజే మళ్లీ పట్టేసింది. షాపులో బుష్, బ్లేడ్, జార్ కప్లర్ కలిపి సెట్‌గా మార్పించా, 180 రూపాయలు. జార్‌ని తిరగేసి తిప్పితే ఇప్పుడు నాలుగైదు చుట్లు తిరిగి గానీ ఆగదు. తిరిగే షాఫ్ట్‌ని పక్కకి నెట్టి కూడా చూడండి. ఊగుతుంటే బుష్ అరిగిందని అర్థం, తర్వాత అక్కడి నుంచే నీళ్లు కారి మోటార్‌లోకి దిగుతాయి.

కప్లర్ కాకపోతే?

జార్ తీసేసి, ప్లగ్ పీకి, మోటార్ కప్లర్‌ని చేత్తో తిప్పండి. అది కూడా కదలకపోతే మోటార్ బేరింగ్ పట్టేసింది. చేత్తో తిరుగుతూ, కరెంట్ ఇస్తే మాత్రం మూలుగుతుంటే సమస్య బ్రష్‌లు, వైండింగ్ వైపు ఉంది. లోపల పెద్ద నిప్పురవ్వలు కనిపించినా, బాడీ ముట్టుకుంటే జివ్వుమన్నా అక్కడితో ఆపేసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పని ఇంట్లో చేసేది కాదు. బేరమాడేటప్పుడు మాత్రం "మోటార్ పోయింది" అనే ఒక్క మాటకి ఊరుకోకండి. జార్ లేకుండా ఒకసారి తిప్పి చూపించమనండి.

మొత్తం లెక్క

మోటార్ కప్లర్లు రెండు 120, జార్ సెట్ 180. మొత్తం 300 రూపాయలు. మొదటి రోజే జార్ తిరగేసి చూసుంటే 240తో అయిపోయేది. ఆ 60 రూపాయలు నా ఫీజు. చట్నీ జార్ ఇప్పుడు మా ఇంట్లో రాత్రి నానదు, నూరిన వెంటనే కడిగి బోర్లిస్తున్నాం. అరిగిన రెండు కప్లర్లూ నా టేబుల్ మీద పక్కపక్కనే ఉన్నాయి. మీ మిక్సీ ఇంకా బాగానే తిరుగుతున్నా సరే, ఇవాళ ఒకసారి జార్‌లన్నీ తిరగేసి వేలితో తిప్పి చూడండి. ఏదైనా జార్ కిర్రుమంటే తర్వాత అరిగే కప్లర్ మీదే.